సర్క్యూట్ ఆపేది బేరాన్నే, ధరను కాదు

పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, గోనెల్లోకి ఎత్తే రోజుల్లో మన సంతల్లో ఒక మాట తరచుగా చెవినపడుతోంది. "నిజామాబాద్‌లో సర్క్యూట్ పడిందంట. ఇవాళ రేటు లేదు. ఇస్తే ఇయ్యి, లేకపోతే మోసుకుపో." ముంచింగిపుట్టు కొండల మీది ఊళ్ల నుంచి బస్తా నెత్తిన పెట్టుకుని దిగి వచ్చిన రైతుకు ఆ మాట పిడుగులా తగులుతుంది. సర్క్యూట్ అంటే ఏమిటో, అది ఎక్కడ పడిందో, దానికీ తన బస్తాకూ ఉన్న సంబంధం ఏమిటో అడిగే వీలు లేక, చెప్పిన ధరకు ఇచ్చి పోతున్నాడు. ఈ మాటలో నిజమెంతో, కలిపి చెప్పేదెంతో మన రైతులే లెక్క కట్టుకోగలగాలి. ఆ లెక్క పెద్దదేమీ కాదు. ఈ నెల దాన్నే వివరంగా చెబుతున్నాం.

ముందు సర్క్యూట్ పడే చోటు ఏదో చూద్దాం. అది నిజామాబాద్ మార్కెట్ యార్డు కాదు. యార్డులో పసుపు కుప్పలు ఉంటాయి, కొనేవాళ్లు చేత్తో విరిచి చూసి ధర పెడతారు. సర్క్యూట్ పడేది ముంబయి కేంద్రంగా నడిచే ఎన్‌సీడీఈఎక్స్ అనే ఎక్స్ఛేంజిలో. అక్కడ పసుపు కనిపించదు. రాబోయే ఫలానా నెలలో ఇంత ధరకు ఇస్తాను, ఇంత ధరకు తీసుకుంటాను అనే ఒప్పందాలు కంప్యూటర్ల మీద చేతులు మారతాయి. వాటినే ఫ్యూచర్స్ అంటారు. ఒక్కో ఒప్పందం 5 టన్నులకు, అంటే 50 క్వింటాళ్లకు ఉంటుంది. గడువుకు సరుకు అప్పగించాల్సిన ప్రధాన కేంద్రం నిజామాబాద్. అందుకే ముంబయిలో కదిలే ధరకు నిజామాబాద్ పేరు పడింది.

ఈ ఒప్పందాల ధర ఒక్క రోజులో ఎంత పెరగవచ్చు, ఎంత తగ్గవచ్చు అనేదానికి హద్దు ఉంటుంది. ఆ హద్దులకు నియమాలు పెట్టేది సెబీ. హద్దు తాకితే పై సర్క్యూట్ అనో, కింది సర్క్యూట్ అనో అంటారు. పసుపులో ఇది రెండు మెట్లుగా నడుస్తుంది. నిన్నటి ముగింపు ధర క్వింటాలుకు 15,000 రూపాయలు అనుకుందాం. లెక్క తేలిగ్గా ఉంటుందని తీసుకున్న అంకె ఇది. మొదటి మెట్టు 4 శాతం, అంటే 600 రూపాయలు. ధర పైకి 15,600, కిందికి 14,400 దాకా పోవచ్చు. 14,400 తాకిందా, 15 నిమిషాల విరామం మొదలవుతుంది. ఆ 15 నిమిషాల్లో కొనుగోళ్లు, అమ్మకాలు పూర్తిగా ఆగవు. కానీ ఆ హద్దు దాటి ఎవరూ ధర పెట్టలేరు. విరామం అయ్యాక హద్దును ఇంకో 2 శాతం జరుపుతారు. అంటే మొత్తం 6 శాతం, 900 రూపాయలు. ఇప్పుడు 14,100 దాకా పడవచ్చు. అదీ తాకితే ఆ రోజుకు ఇక జరపరు. ఎవరు ఎంత తక్కువకు అమ్ముతామన్నా 14,100 కంటే కింద బేరం నమోదు కాదు. ఈ శాతాలు సెబీ ఆదేశాలను బట్టి అప్పుడప్పుడు మారుతుంటాయి. మెట్ల పద్ధతి మాత్రం ఇదే.

టీవీలో చూపించే షేర్ మార్కెట్ సర్క్యూట్ వేరు. అక్కడ సూచీ 10, 15, 20 శాతం కదిలితే మార్కెట్ మొత్తాన్ని కొంతసేపో, మిగతా రోజంతానో ఆపేస్తారు. 2020 మార్చి 23న, కరోనా భయంతో, సెన్సెక్స్ 10 శాతం పడగానే 45 నిమిషాలు అన్నీ ఆగిపోయాయి. మళ్లీ తెరిచాక ఇంకా పడి, ఆ రోజుకు 13 శాతం పైగా నష్టంతో ముగిసింది. 1987 అక్టోబరు 19న అమెరికా షేర్ మార్కెట్ ఒక్క రోజులో 22 శాతానికి పైగా కూలిన తర్వాత వచ్చిన పద్ధతి అది. పంట సరుకుల మార్కెట్లలో రోజువారీ ధర హద్దులు అంతకన్నా చాలా పాతవి. షేర్ మార్కెట్లో ఆగేది మొత్తం వ్యాపారం. పసుపులో ఆగేది హద్దు దాటిన ధర ఒక్కటే. హద్దు లోపల బేరానికి మనిషి దొరికితే బేరం జరుగుతూనే ఉంటుంది. దొరక్కపోవడమే అసలు సమస్య. 14,100 కే అమ్ముతామని వంద మంది వరుసలో నిలబడితే, కొనడానికి ఒక్కరూ రారు. రేపు ఇంకా తగ్గుతుందని తెలిసినవాడు ఇవాళ ఎందుకు కొంటాడు? అలాంటి రోజును తాళం పడిన రోజు అనుకోవచ్చు.

అయితే ఎక్స్ఛేంజి ఈ హద్దు ఎందుకు పెడుతుంది? రైతును కాపాడడానికని కొందరు, షావుకార్లను కాపాడడానికని కొందరు అంటుంటారు. మొదటగా అది కాపాడేది ఒప్పందం నిలబడడాన్ని. ఎలాగో చూడండి.

15,000 లెక్కన ఒక ఒప్పందం విలువ 7,50,000 రూపాయలు. కొన్నవాడు ఆ డబ్బంతా ఇవాళే కట్టడు. మార్జిన్ అనే బయానా కడతాడు. అది 12 శాతం అనుకుంటే 90,000. ధర తగ్గినప్పుడల్లా ఆ నష్టాన్ని ఏ రోజుకారోజు కొన్నవాడి ఖాతాలో కోసి, అమ్మినవాడి ఖాతాలో వేస్తారు. ధర పెరిగితే దీనికి తలకిందులు. ఈ పని చేసేది, ఎవరు ఎగ్గొట్టినా రెండోవాడికి డబ్బు ఇచ్చే బాధ్యత మోసేది క్లియరింగ్ కార్పొరేషన్. ఇప్పుడు హద్దే లేదనుకోండి. ఒక్క రోజులో ధర 20 శాతం పడితే క్వింటాలుకు 3,000, ఒప్పందానికి 1,50,000 నష్టం. కొన్నవాడు కట్టింది 90,000. మిగతా 60,000 కోసం వెతికితే మనిషి ఫోన్ ఎత్తడు. ఇలాంటివాళ్లు వందల్లో ఉంటే క్లియరింగ్ కార్పొరేషన్ దగ్గరున్న నిధి ఖాళీ అవుతుంది. ధర సరిగ్గా ఊహించి అమ్మినవాడికీ డబ్బు అందదు.

హద్దు ఉంటే అదే నష్టం రోజుకింత చొప్పున వస్తుంది. మొదటి రోజు 900 పడితే ఒప్పందానికి 45,000. బయానాలో సగం పోయింది, అయినా ఇంకా సగం ఉంది. ఆ సాయంత్రమే అతన్ని మళ్లీ కట్టమంటారు. కట్టకపోతే అతని ఒప్పందాన్ని వదిలించుకోవడానికి ఎక్స్ఛేంజికి, బ్రోకరుకు వ్యవధి దొరుకుతుంది. ఒక రోజు నష్టం బయానాను మించకుండా చూడడం, మరుసటి రోజులోపు డబ్బు రాబట్టుకోవడం, హద్దు వెనక ఉన్న అసలు లెక్క ఇది. బయానా శాతానికీ ధర హద్దు శాతానికీ అందుకే ముడి ఉంటుంది.

రెండో కారణం కూడా ఉంది. పసుపు మార్కెట్ చిన్నది. బంగారం, ముడిచమురులా లక్షల మంది అందులో లేరు. సముద్రంలో రాయి వేస్తే అల కనిపించదు, చిన్న చెరువులో వేస్తే గట్టు దాకా తగులుతుంది. ఒకరిద్దరు పెద్ద వ్యాపారులు ఒకేసారి అమ్మినా, ఎవరో పొరపాటున అంకె తప్పు కొట్టినా, పంట పాడైందని ఒక పుకారు లేచినా ధర ఎగిరి దూకుతుంది. 15 నిమిషాల విరామంలో ఆ వార్త నిజమో కాదో నిజామాబాద్, ఈరోడ్, సాంగ్లీ యార్డులకు ఫోన్ చేసి కనుక్కోవచ్చు. నిజంగా సరుకు కావాల్సిన మిల్లువాడు ఈ ధరకు కొనవచ్చులే అని ముందుకు రావచ్చు. పుకారు వల్ల పడిన ధర చాలాసార్లు ఈ విరామంలోనే నిలదొక్కుకుంటుంది.

వార్త నిజమైతే? అప్పుడు విరామం దాన్ని మార్చలేదు. పైన చెప్పిన లెక్కనే కొనసాగించండి. మొదటి రోజు 14,100 దగ్గర తాళం. రెండో రోజు హద్దు 14,100 మీద లెక్కిస్తారు, అందులో 6 శాతం 846. ధర 13,254. మూడో రోజు ఇంకో 795 పడి దాదాపు 12,460. మూడు రోజుల్లో 17 శాతం పోయింది. ఏ ఒక్క రోజూ హద్దు దాటలేదు. మధ్యలో ఇరుక్కున్నవాడు బయటపడదామన్నా కొనేవాడు లేక రోజూ నష్టం కట్టుకుంటూ కూర్చోవాలి. అందుకే ఇంకో చిక్కూ వస్తుంది. హద్దు దగ్గరపడుతోందని కనిపిస్తే తాళం పడేలోపే అమ్మేసుకుందామని అందరూ ఒక్కసారిగా ఎగబడతారు. నెమ్మదించాల్సిన ధర ఇంకా తొందరగా హద్దు తాకుతుంది.

ఇది మన తెలుగు నేల మీద జరిగిన అనుభవమే. 2010లో నిజామాబాద్ పసుపు క్వింటాలు 15,000 దాటింది. ఆ ధర చూసి మరుసటి ఏడు సాగు పెరిగింది. 2012 మొదటికల్లా ధర 5,000 కిందికి దిగిపోయింది. ఆ రెండేళ్లలోనూ ఎక్స్ఛేంజిలో రోజువారీ హద్దులు ఉన్నాయి. అవి ఒక్కో రోజు పడడాన్ని ఆపాయి, పడిపోవడాన్ని ఆపలేదు. మళ్లీ 2023 వేసవిలో 7,000 దగ్గర ఉన్న ధర ఆగస్టుకల్లా రెట్టింపు దాటింది. అప్పుడూ హద్దులు ఉన్నాయి. సర్క్యూట్ వేగానికి హద్దు పెడుతుంది. లోతుకూ, ఎత్తుకూ పెట్టదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

ఇక మన సంత సంగతి. సంతలో సర్క్యూట్ లేదు. షావుకారు ఉదయం 110 అని, మధ్యాహ్నం 90 అన్నా ఆపే 15 నిమిషాల విరామం లేదు, ఒక్కరోజు హద్దు లేదు. ముంబయిలో హద్దు తాకిన వార్తను ఇక్కడ హద్దు లేని కోతకు సాకుగా వాడుకునే వీలు ఉన్నది ఇందుకే. దీన్ని పట్టుకోవడానికి కిలో లెక్క చాలు. క్వింటాలు 15,000 అంటే కిలో 150. అందులో 6 శాతం 9 రూపాయలు. అంటే ఒక్క రోజు కింది సర్క్యూట్ పడితే ఎక్స్ఛేంజిలో కిలోకు తగ్గేది 9 రూపాయలు మించదు. "నిన్న సర్క్యూట్ పడింది" అని కిలోకు 20 తగ్గించినవాడు, సర్క్యూట్ పేరు మీద 9 తగ్గించి, మిగతా 11 తన పేరు మీద తగ్గించుకున్నాడు.

ఇక్కడ మన వైపు నుంచి జాగ్రత్త పడాల్సినవి మూడు ఉన్నాయి.

మొదటిది, స్థాయిని కాదు, మార్పును పోల్చాలి. ఎక్స్ఛేంజి ధర పాలిష్ చేసిన, తేమ కొలిచిన, నిజామాబాద్ గోదాములో అప్పగించే సరుకుకు. మన పసుపు కొండ మీద ఉడికి, ఎండలో ఆరి, పాలిష్ లేకుండా సంతకు వస్తుంది. ఘాటు దిగి మైదానానికి పోవాలంటే లారీ కిరాయి, తరుగు ఉంటాయి. అక్కడ 150 ఉంటే ఇక్కడ 150 అడగలేం. కానీ అక్కడ 9 తగ్గితే ఇక్కడ 20 ఎందుకు తగ్గిందని అడగగలం. అక్కడ 9 పెరిగిన వారం ఇక్కడ ఎంత పెరిగిందనీ అడగాలి. పడిన వార్త సంతకు అదే రోజు చేరి, పెరిగిన వార్త రెండు వారాలు ఆలస్యమైతే, తేడా దారిలో లేదు, చెప్పే నోట్లో ఉంది.

రెండోది, సంత వారానికి ఒకసారి, ఎక్స్ఛేంజి వారానికి అయిదు రోజులు. రెండు సంతల మధ్య అయిదు రోజులూ కింది సర్క్యూట్ పడితే 15,000 ధర 11,000 దగ్గరికి దిగుతుంది. అది కిలోకు 40 రూపాయల తేడా. కాబట్టి "సర్క్యూట్ పడిందా?" అనే ప్రశ్న సరిపోదు. "పోయిన సంత రోజు ముగింపు ఎంత, నిన్నటి ముగింపు ఎంత?" అని అడగాలి. ఆ రెండు అంకెల తేడాను వందతో భాగిస్తే కిలోకు ఎంత మారిందో వస్తుంది. రెండుసార్లూ ఒకే నెల ఒప్పందం ధర చూడాలి. ఏప్రిల్ ధరను ఒకసారి, జూన్ ధరను ఒకసారి చూస్తే లెక్క తప్పుతుంది.

మూడోది, తాళం పడిన రోజు తెరమీది ధర అసలు ధర కాదు. 14,100 దగ్గర కొనేవాళ్లు లేక ఆగిపోయిందంటే, అసలు బేరం కుదిరే చోటు అంతకంటే కింద ఎక్కడో ఉంది. అది ఎక్కడో ఆ రోజు ఎవరికీ తెలియదు. షావుకారుకూ తెలియదు. తెలియని నష్టానికి కూడా కలిపి అతను ధర తగ్గిస్తాడు. ఇందులో మోసమే ఉండనక్కర్లేదు, భయం చాలు. అందుకే తాళం పడిన మరునాడు సరుకంతా అమ్మడం మనకు అన్నిటికన్నా చెడ్డ బేరం. పై సర్క్యూట్‌కు తాళం పడినప్పుడు కూడా ఇదే. తెరమీది ధర చూసి ఇదే గరిష్ఠమని తొందరపడి ఇచ్చేస్తే, అసలు ధర ఇంకా పైన ఉండవచ్చు.

తాళం పడిందో, ధర కేవలం హద్దు తాకి తిరిగి వచ్చిందో ఎలా తెలుస్తుంది? ముగింపు ధర సరిగ్గా హద్దు అంకె మీదే ఉండి, ఆ రోజు చేతులు మారిన ఒప్పందాలు మామూలు కంటే బాగా తక్కువైతే తాళం పడినట్టు. హద్దు తాకినా ముగింపు అంతకు ఎడంగా ఉండి, ఒప్పందాలు బాగా జరిగితే బేరం కుదిరినట్టు. అప్పుడు ఆ ధరను నమ్మవచ్చు. ఇంకా మంచి ఆధారం నిజామాబాద్ యార్డులో నిజంగా కుప్ప మీద పలికిన ధర. 2016లో ఈ-నామ్ మొదలైనప్పుడే చేరిన యార్డుల్లో అది ఒకటి. అక్కడ సర్క్యూట్ ఉండదు కాబట్టి, ఎక్స్ఛేంజికి తాళం పడిన రోజుల్లో ధర అసలు ఎక్కడుందో యార్డే చెబుతుంది.

పసుపుకు చెప్పిన లెక్క కాఫీకి వర్తించదని కూడా గుర్తుంచుకోవాలి. మన అరబికా ధరకు దిక్సూచి న్యూయార్క్‌లోని ఐసీఈ ఎక్స్ఛేంజి. అక్కడ కాఫీకి రోజువారీ ధర హద్దు లేదు. ధర క్షణాల్లో మరీ దూకితే కొద్దిసేపు నిలిపే ఏర్పాటు మాత్రం ఉంది. ఆ తర్వాత ధర తన దారిన పోతుంది. బ్రెజిల్‌లో వాన పడిందనో, మంచు కురిసిందనో వార్త వస్తే ఒక్క రోజులోనే పెద్ద మార్పు రావచ్చు. "కాఫీకి సర్క్యూట్ పడింది, అందుకే కొనడం లేదు" అని ఎవరైనా అంటే, ఆ మాటకు ఆధారం లేదు.

ఇంత చెప్పాక అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఎక్స్ఛేంజిలో ఉన్నవాడికి 15 నిమిషాల విరామం ఉంది, మరుసటి రోజు దాకా వ్యవధి ఉంది. ముందే అప్పు తీసుకుని, తీర్చడానికి పసుపు తెచ్చిన గిరిజన రైతుకు ఏ విరామం ఉంది? ధర పడిందని బస్తా తిరిగి కొండెక్కించే ఓపిక, ఇంకో వారం ఆగే స్తోమత ఎంతమందికి ఉన్నాయి? ఎండిన పసుపు నెలల తరబడి నిల్వ ఉండే సరుకు. ఆగలేనిది సరుకు కాదు, రైతు. ఆగే వీలు కల్పించడమే మన సంతకు తగిన సర్క్యూట్.

అందుకే మూడు విషయాలు అడుగుతున్నాం. ముంచింగిపుట్టు సంతలోనూ, మన ప్రాంతంలోని మిగతా వారపు సంతల్లోనూ నిజామాబాద్ యార్డు ధర, ఎక్స్ఛేంజి ముగింపు ధర, పోయిన సంత రోజు ధర, మూడూ తెలుగులో కిలో లెక్కన పలక మీద రాయాలి. పలక పెట్టడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. గిరిజన సహకార సంస్థ డిపోలో గానీ, రైతు సేవా కేంద్రంలో గానీ ఒక మనిషి అరగంట పని చేస్తే చాలు. రెండోది, ఎండిన పసుపు దాచుకోవడానికి మండలంలోనే గోదాము, దాని రసీదు మీద అప్పు ఇవ్వాలి. మూడోది, లోతుకు హద్దు. పసుపుకు కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించడం లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచింది ధర కోసం, పసుపు బోర్డు కోసమే. మన రాష్ట్ర ప్రభుత్వం 2020లో మద్దతు ధర లేని కొన్ని పంటలకు తానే ధర ప్రకటించినప్పుడు పసుపుకు క్వింటాలు 6,850 పెట్టింది. అది చేయదగిన పనే అని దానితో తేలింది. పంట చేతికి రాకముందే ఏటా ఆ ధర ప్రకటించాలి, ఏజెన్సీ సంతల్లోనే కొనాలి.

అవి వచ్చేదాకా, సంతకు బయల్దేరే ముందు రోజు రాత్రి ఊళ్లో ఫోన్ ఉన్న కుర్రాడితో రెండు అంకెలు చూపించి రాయించుకోండి, పోయిన సంత నాటిది, నిన్నటిది. సర్క్యూట్ పడిందని షావుకారు అంటే, ఎన్ని రోజులు పడింది, కిలోకు ఎంత తగ్గింది అని అడగండి. పదిమంది రైతులు ఒకే సంతలో అదే ప్రశ్న అడిగితే, సాకు చెప్పి కోసే పదకొండు రూపాయల్లో కొన్నయినా మన గోనెలోనే మిగులుతాయి.